గాలిని వంచే గుడ్డ

(సెయిలింగ్ కొత్తగా మొదలుపెట్టినవారి కోసం హైదరాబాద్‌లో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రేపు పొద్దున్నుంచి మీరంతా హుస్సేన్‌సాగర్ నీళ్ళ మీద ఉంటారు. పడవ ఎలా ఎక్కాలి, తిరగబడితే ఎలా నిలబెట్టాలి, లైఫ్ జాకెట్ ఎలా బిగించుకోవాలి, ఇవన్నీ అక్కడ ఒడ్డునే చేసి చూపిస్తారు. ఇవాళ నేను మాట్లాడేది ఒక్క సంగతి గురించే. చేతిలో తాడు ఉంటుంది, ఆ తాడు చివర తెరచాప ఉంటుంది. దాన్ని ఎంత లాగాలి, ఎంత వదలాలి? ఈ ప్రశ్నకి జవాబు తెలియాలంటే తెరచాప మీద గాలి ఏం చేస్తుందో ముందు తెలియాలి.

జులై నెలలో ఒక సాయంత్రం టాంక్‌బండ్ మీద నిలబడి చెరువు వైపు చూడండి. గాలి మొహానికి కొడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన ఊళ్ళో గాలి ఎక్కువగా పడమటి నుంచే వస్తుంది. టాంక్‌బండ్ చెరువుకి తూర్పున ఉంది, నెక్లెస్ రోడ్డు పడమట ఉంది. అదే సమయంలో బుద్ధ విగ్రహం పక్కనుంచి ఒక చిన్న తెల్లటి తెరచాప నెక్లెస్ రోడ్డు వైపుకి, అంటే గాలి వస్తున్న వైపుకే పోతూ కనిపిస్తుంది. ఇంజన్ లేదు, తెడ్డు లేదు. గాలి ఇటు తోస్తుంటే పడవ అటు ఎలా పోతోంది?

గాలి తోస్తుంది కాబట్టి పడవ పోతుంది అన్న మాట మనందరి మనసులో ఉంటుంది. నెక్లెస్ రోడ్డు నుంచి టాంక్‌బండ్‌కి వచ్చే పడవ విషయంలో ఆ మాట చాలావరకు సరిపోతుంది కూడా. ఎదురుగాలిలో పోయే పడవ దగ్గర మాత్రం అది అక్కరకు రాదు. అక్కడ తెరచాప చేసే పని వేరు. గాలిని అడ్డుకోవడం కాదు, గాలిని వంచడం.

ఇక్కడ హాల్లో నేల మీద పరిచిన తెరచాప చూడండి. ఇది ఐఎల్‌సీఏ 7 అనే పడవది. పాతవాళ్ళంతా దీన్ని లేజర్ అనే అంటారు, నేనూ అప్పుడప్పుడు అలాగే అంటాను. ఒక్కరు నడిపే పడవ, ఒకటే తెరచాప, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఈ గుడ్డ విస్తీర్ణం 7.06 చదరపు మీటర్లు. ఈ పొడవాటి అంచు మాస్ట్‌కి, అంటే పడవ మీద నిలబెట్టే స్తంభానికి తొడిగేది, దీన్ని లఫ్ అంటారు. గాలి ముందుగా తగిలేది దీనికే. వెనక ఉన్న ఈ అంచు లీచ్. కింది అంచు బూమ్ వెంబడి, అంటే మాస్ట్ నుంచి వెనక్కి అడ్డంగా ఉండే కర్ర వెంబడి ఉంటుంది. బూమ్‌ని లోపలికి లాగే, బయటికి వదిలే తాడు మెయిన్‌షీట్. అందరూ షీట్ అనే అంటారు. షీట్ అంటే గుడ్డ అనుకుని కొత్తవాళ్ళు తికమక పడుతుంటారు. షీట్ అంటే తాడే.

ఇప్పుడు ఈ గుడ్డని నిలబెట్టి కాస్త వాలుగా గాలిలో పెట్టామనుకోండి. గాలి లఫ్ దగ్గర రెండుగా చీలుతుంది. కొంత గాలి తగిలే వైపు నుంచి, కొంత అవతల చాటు వైపు నుంచి పోతుంది. గుడ్డ వంపుగా ఉంది కాబట్టి రెండు ప్రవాహాలూ ఆ వంపు వెంట తిరిగి, లీచ్ దగ్గర వదిలి వెళ్ళేటప్పుడు వచ్చిన దిక్కు నుంచి పక్కకి మళ్ళి ఉంటాయి. గాలికి బరువుంది. బరువున్నదాన్ని దారి మళ్ళించాలంటే బలం పెట్టాలి. గుడ్డ గాలిని ఒక పక్కకి మళ్ళిస్తే, గాలి గుడ్డని రెండో పక్కకి అంతే బలంతో నెడుతుంది. దీన్నే లిఫ్ట్ అంటాం. విమానం రెక్క మీద అది పైకి ఉంటుంది. తెరచాప నిలువుగా పెట్టిన రెక్క కాబట్టి ఇక్కడ అది పక్కకీ ముందుకీ ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా పుస్తకాల్లో తప్పుగా ఉంది. రెక్క పైభాగం వంపు తిరిగి పొడవుగా ఉంటుందని, పైనుంచి పోయే గాలి కింది గాలితో పాటు ఒకేసారి వెనక అంచు చేరాలి కాబట్టి తొందరగా పరిగెడుతుందని, అందుకే పైన ఒత్తిడి తగ్గుతుందని చెబుతారు. ఈ గుడ్డని చేత్తో పట్టుకుని చూడండి. మందం ఎంత ఉంది? ఈ పక్కా ఆ పక్కా పొడవు ఒకటే. దారి పొడవులో తేడానే లేదు, అయినా లిఫ్ట్ పుడుతోంది. కాబట్టి ఆ కథ తప్పు. చాటు వైపు గాలి వేగంగా పోవడం మాత్రం నిజం, అక్కడ ఒత్తిడి తగ్గడమూ నిజం. నిజానికి ఆ గాలి రెండో వైపు గాలి కంటే ముందే లీచ్ చేరిపోతుంది. రెండూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. వంపు చుట్టూ గాలి తిరగాలంటే వంపు దగ్గర ఒత్తిడి తక్కువగా, దూరంగా ఎక్కువగా ఉండాలి. ఆ తేడాయే గాలిని వంపుకి అతుక్కుని తిరిగేలా చేస్తుంది. గాలి మళ్ళింది కాబట్టి లిఫ్ట్ అన్నా, రెండు వైపులా ఒత్తిడి తేడా వల్ల లిఫ్ట్ అన్నా ఒకటే బలాన్ని రెండు రకాలుగా లెక్కపెడుతున్నాం, అంతే. మీరు పట్టుకోవాల్సింది ఏంటంటే, ఎదురుగాలిలో తెరచాపని లాగే బలంలో పెద్ద వాటా చాటు వైపున తగ్గిన ఒత్తిడిదే. మీకు కనిపించని ఆ వెనక వైపునే అసలు పని జరుగుతోంది.

ఆ పని జరగాలంటే గాలి గుడ్డకి అతుక్కుని ఉండాలి. గుడ్డకీ గాలికీ మధ్య కోణం మరీ తక్కువైతే గుడ్డ నిలబడదు, రెపరెపలాడుతుంది. కోణం పెరిగే కొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది. సుమారు 20 డిగ్రీల దగ్గర మంచి లిఫ్ట్ వస్తుంది. అది దాటి ఇంకా పెంచుకుంటూ పోతే చాటు వైపు గాలి ఆ మలుపు తిరగలేక గుడ్డని వదిలేస్తుంది. వెనక సుడులు పుడతాయి. లిఫ్ట్ పడిపోతుంది, వెనక్కి లాగే డ్రాగ్ పెరుగుతుంది. దీన్ని స్టాల్ అంటారు. విమానాల వాళ్ళు భయపడేదీ ఇదే స్టాల్‌కి. విమానం పడిపోతుంది, మన పడవ నెమ్మదిస్తుంది.

(ప్రశ్న: లిఫ్ట్ పక్కకి ఉంటే పడవ పక్కకి కదా పోవాలి?)

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన వాళ్ళే అందరూ. దారం బిగువుగా ఉన్నంతసేపే గాలిపటం పైకి లేస్తుంది. దారం తెగిందా, గాలి ఎటు పోతే అటు కొట్టుకుపోయి ఏ చెట్టుకో తగులుకుంటుంది. గాలి అదే, కాగితం అదే. పోయింది ఎదురు పట్టుకునే దారం. పడవలో ఆ దారం పని చేసేది డాగర్‌బోర్డ్. పడవ మధ్యలో ఉన్న చీలికలోంచి నీళ్ళలోకి దించే పలక అది. డాగర్‌బోర్డ్ లేకుండా తెరచాప ఎత్తితే పడవ టాంక్‌బండ్ గోడకి కొట్టుకుపోతుంది.

ఆ పలక కూడా ఒక రెక్కే. పడవ ముందుకు పోతూ పక్కకి కొంచెం, మూడు నుంచి అయిదు డిగ్రీలు, జారుతుంది. ఆ జారుడు వల్ల పలకకి నీళ్ళు వాలుగా తగులుతాయి. నీటిలో లిఫ్ట్ పుడుతుంది, అది తెరచాప పక్కకి లాగుతున్న బలానికి ఎదురు నిలుస్తుంది. నీరు గాలి కంటే ఎనిమిది వందల రెట్లకు పైగా చిక్కన కాబట్టి అంత పెద్ద గుడ్డకి ఇంత చిన్న పలక సరిపోతుంది. పక్కకి పోవాల్సినదంతా అక్కడ ఆగిపోతే, మిగిలేది ముందుకి ఉన్న వాటా. దానితోనే మనం ప్రయాణం చేస్తాం. ఒక షరతు ఉంది. పడవ కదులుతుంటేనే పలక పనిచేస్తుంది. ఆగిన పడవలో డాగర్‌బోర్డ్ ఉత్త చెక్క. అందుకే ఎదురుగాలిలో వేగం పోయిన పడవ ముందుగా పక్కకి జారడం మొదలుపెడుతుంది. అప్పుడు గాలికి ఇంకా ఎదురు తిప్పాలని చూస్తే పరిస్థితి మరింత పాడవుతుంది.

ఇప్పుడు అంకెలతో ఒకసారి చూద్దాం. బోర్డు మీద చెరువు గీశాను. గాలి పడమటి నుంచి 10 నాట్లు, అంటే గంటకు సుమారు 18.5 కిలోమీటర్లు. మామూలు వానాకాలపు గాలి. మన పడవ బుద్ధ విగ్రహం దగ్గర్నుంచి నెక్లెస్ రోడ్డు వైపు 500 మీటర్ల దూరంలో ఉన్న గుర్తు దగ్గరికి పోవాలి. తిన్నగా పోదామంటే కుదరదు. గాలి వచ్చే దిక్కుకి రెండు పక్కలా సుమారు 45 డిగ్రీల వరకు ఏ తెరచాపా ఈ పడవని లాగలేదు. దాన్ని నో-గో జోన్ అంటారు. అందులోకి ముక్కు పెడితే గుడ్డ జెండాలా కొట్టుకుంటుంది, పడవ ఆగి వెనక్కి పోతుంది. కాబట్టి ఆ హద్దు అంచున 45 డిగ్రీల్లో వాయవ్యానికి కొంత దూరం, మళ్ళీ తిరిగి నైరుతికి కొంత దూరం, ఇలా వంకర్లు తిరుగుతూ పోవాలి. ఈ నడకని క్లోజ్ హాల్డ్ అంటారు. ఒక వైపు నుంచి రెండో వైపుకి ముక్కు తిప్పడం ట్యాక్. 500 మీటర్ల కోసం సుమారు 700 మీటర్లు పోతాం. 4 నాట్ల వేగంతో దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది.

ఇక్కడ తెరచాపకి తగిలే గాలి 10 నాట్లు కాదు, గమనించండి. పడవ ముందుకు పోతోంది కాబట్టి ఆ వేగం కూడా ఎదురుగాలిగా కలుస్తుంది. పడవలో ఉన్నవాళ్ళ చెంపకి తగిలేది ఆ రెండూ కలిసిన గాలి. దాన్ని అపారెంట్ విండ్ అంటారు, తెరచాపకి తెలిసింది అదొక్కటే. లెక్క వేస్తే అది 13 నాట్లు వస్తుంది, కోణం 45 నుంచి 33 డిగ్రీలకి, అంటే ఇంకా ముందుకి జరుగుతుంది. గుడ్డకీ గాలికీ మధ్య 20 డిగ్రీలు ఉంచాలనుకున్నాం కదా. 33 లోంచి 20 తీస్తే 13. అంటే బూమ్ పడవ మధ్యగీతకి 13 డిగ్రీల్లో, దాదాపు పడవ వెనక మూల మీదకి వచ్చేంత లోపలికి లాగి ఉండాలి.

బలం ఎంత వస్తుంది? హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి కాస్త పలచన, ఘనపు మీటరుకి 1.15 కిలోలు అనుకుందాం. గుడ్డ గాలి నుంచి ఎంత లిఫ్ట్ పుట్టిస్తుందో చెప్పే అంకె, అంటే లిఫ్ట్ గుణకం, 1.2 తీసుకుంటే ఈ 7 చదరపు మీటర్ల గుడ్డ మీద లిఫ్ట్ సుమారు 220 న్యూటన్లు, మామూలు మాటల్లో 22 కిలోల బరువంత. డ్రాగ్‌ని కూడా కలిపి పడవ దిక్కుకి విడగొడితే ముందుకి లాగేది 9 కిలోలు, పక్కకి తోసేది 21 కిలోలు. చూశారా, ఎదురుగాలిలో పని అంతా పక్కకే పోతుంది. ఆ 21 కిలోలు నీటిమట్టానికి రెండు మీటర్లకు పైన ఎత్తులో పనిచేస్తాయి కాబట్టి పడవ చాటు వైపుకి ఒరుగుతుంది. మీరు అంచు మీద కూర్చుని, పాదాలు పట్టీ కింద పెట్టి ఒళ్ళంతా బయటికి వాల్చేది అందుకే. ఇదే లెక్కని గాలి వైపు నుంచి కూడా చూడొచ్చు. ఈ గుడ్డ ప్రతి సెకనుకూ నూట యాభై కిలోలకు పైగా గాలిని పట్టుకుని, ఒక పన్నెండు డిగ్రీలు పక్కకి మళ్ళిస్తోంది. నాకు ఈ అంకె అంటే చాలా ఇష్టం. ఇంత పలచని గుడ్డ ఇద్దరు పెద్ద మనుషుల బరువున్న గాలిని సెకను సెకనుకీ పక్కకి తిప్పుతోంది.

ఇప్పుడు పడవని తిప్పి ఉత్తరానికి, సంజీవయ్య పార్కు వైపు పోదాం. గాలి సరిగ్గా పక్క నుంచి, 90 డిగ్రీల్లో వస్తోంది. దీన్ని బీమ్ రీచ్ అంటారు. పడవ 5 నాట్లు పోతోందనుకుంటే, తగిలే గాలి 11 నాట్లకి తగ్గుతుంది, కోణం 63 డిగ్రీలు. గాలి తగ్గింది కదా, బలం కూడా తగ్గాలి. తగ్గింది, లిఫ్ట్ 16 కిలోలే. కానీ ఆ లిఫ్ట్ ఇప్పుడు చాలావరకు ముందుకే చూస్తోంది. విడగొడితే ముందుకి 13 కిలోలు, పక్కకి 10. ఎదురుగాలిలో 9, 21 అన్నది గుర్తుంచుకోండి. మొత్తం బలం తగ్గినా ముందుకి లాగేది పెరిగింది, ఒరగడం సగానికి తగ్గింది. అందుకే రీచ్‌లో పడవ హాయిగా, వేగంగా పోతుంది. మీకు మొదటి రోజు చెరువుకి అడ్డంగా, అటూ ఇటూ తిప్పించేది అందుకే.

బూమ్ ఎక్కడ ఉండాలి? 63 లోంచి 20 తీయండి, 43. అంటే మధ్యగీత నుంచి దాదాపు సగం బయటికి వదలాలి. కొత్తవాళ్ళ చేతిలో సరిగ్గా ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఎదురుగాలి నుంచి రీచ్‌కి తిరుగుతారు గానీ షీట్ వదలరు. బూమ్ 13 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. అంటే గుడ్డకీ గాలికీ మధ్య 50 డిగ్రీలు. పూర్తిగా స్టాల్. పడవ ఒరుగుతుంది, చేతికి తాడు బరువుగా తగులుతుంది, ఎంతో పని జరుగుతున్నట్టు ఉంటుంది, వేగం మాత్రం ఉండదు.

ఈ పొరపాటు కంటికి తెలియదు. తక్కువ లాగిన తెరచాప రెపరెపలాడి తన సంగతి చెప్పేస్తుంది. ఎక్కువ లాగిన తెరచాప నిండుగా, నున్నగా, చప్పుడు లేకుండా, ఫొటోలో లాగా ఉంటుంది. అందంగా కనిపిస్తోంది కదా అని దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటారు. అందుకే నేర్పేవాళ్ళు రోజంతా అరిచేది ఒకటే: వదులు, వదులు! షీట్ వదులుతూ పోండి. లఫ్ దగ్గర, మాస్ట్ వెనకే, గుడ్డ చిన్నగా వణకడం మొదలవుతుంది. అక్కడ ఆపి, ఆ వణుకు ఆగేంత మాత్రమే, ఒక జానెడో రెండు జానలో, లోపలికి లాగండి. అదే సరైన చోటు. అర నిమిషం తర్వాత మళ్ళీ అదే పని చేయండి, ఎందుకంటే ఈలోగా గాలి మారి ఉంటుంది, లేదా మీ పడవ దిక్కు మారి ఉంటుంది.

(ప్రశ్న: ఎక్కువ లాగామో లేదో ఎప్పటికప్పుడు వదిలి చూడాల్సిందేనా? వేరే గుర్తు లేదా?)

ఉంది. ఇటు దగ్గరికి రండి. లఫ్ నుంచి మూరెడు వెనక్కి గుడ్డ మీద ఈ ఊలు దారం ముక్కలు చూశారా? ఇటు ఒకటి, గుడ్డకి అవతల వైపు ఇంకొకటి. ఎండకి ఎదురు చూస్తే అవతలి దారం నీడ గుడ్డలోంచి కనిపిస్తుంది. వీటిని టెల్‌టేల్స్ అంటారు. చాటు వైపు గాలి అతుక్కుందా లేదా అన్నది మనకి చూపించేది ఇవే. రెండూ తిన్నగా వెనక్కి పారుతుంటే గాలి రెండు వైపులా అతుక్కుని పోతోంది, మీ పని బాగుంది. ఇవతలి దారం, అంటే గాలి తగిలే వైపుది, పైకి లేచి ఆడుతుంటే కోణం తక్కువైంది. షీట్ కొంచెం లాగాలి, లేదా పడవని గాలికి దూరంగా తిప్పాలి. అవతలి దారం కిందికి వాలి గిరగిర తిరుగుతుంటే స్టాల్. షీట్ వదలాలి, లేదా పడవని గాలి వైపుకి తిప్పాలి.

గందరగోళం అనిపిస్తే టెన్షన్ పడొద్దు. ఒక సులువు ఉంది. ఏ వైపు దారం ఆడుతోందో తెరచాపని ఆ వైపుకే జరపండి. చుక్కానితో సరిచేయాలనుకుంటే దాన్ని తిప్పే కర్రని, అంటే టిల్లర్‌ని కూడా ఆడుతున్న దారం వైపుకే తోయండి. రెండిటికీ ఒకటే నియమం. ఎదురుగాలిలో అయితే షీట్ దాదాపు కదపకుండా టిల్లర్‌తో సరిచేస్తాం, ఎందుకంటే అక్కడ మనకి కావలసింది వీలైనంత ఎదురుకి పోవడం. రీచ్‌లో పడవ దిక్కు ముందే తేల్చుకున్నాం కాబట్టి టిల్లర్ కదపకుండా షీట్‌తో సరిచేస్తాం. ఈ తేడా పట్టుబడితే ట్రిమ్, అంటే తెరచాపని సర్దడం, సగం వచ్చినట్టే.

ఎదురుగాలిలో ఇంకో తప్పు ఉంది. గుర్తు దగ్గరికి త్వరగా చేరాలన్న ఆత్రంతో ముక్కుని నో-గో జోన్ అంచులోకి ఇంకొంచెం తోస్తారు. గాలి వైపు దారం లేచి ఆడుతుంటుంది, పడవ మాత్రం గుర్తుకేసి చూస్తున్నట్టే ఉంటుంది. వేగం 4 నుంచి 3 నాట్లకి పడిపోతుంది. అప్పుడు డాగర్‌బోర్డ్ మీద నీటి లిఫ్ట్ దాదాపు సగానికి తగ్గుతుంది, ఎందుకంటే ఈ బలాలన్నీ వేగం వర్గాన్ని బట్టి ఉంటాయి. పడవ పక్కకి ఎక్కువ జారుతుంది. ముక్కు చూసే చోటొకటి, పడవ నిజంగా చేరే చోటొకటి. ఇలా అయినప్పుడు కాసేపు గుర్తుని వదిలేసి, నాలుగైదు డిగ్రీలు గాలికి దూరంగా తిప్పండి. వేగం పుంజుకున్నాక నెమ్మదిగా మళ్ళీ ఎదురుకి రండి.

ఒకవేళ పూర్తిగా ఆగిపోయి వెనక్కి పోతుంటే షీట్ లాగినా లాభం లేదు. బూమ్‌ని చేత్తో బయటికి తోసి పట్టుకోండి, టిల్లర్‌ని కూడా అదే పక్కకి తోయండి. పడవ వెనక్కి పోతూ పక్కకి తిరుగుతుంది. గాలి పక్కనుంచి తగలడం మొదలయ్యాక టిల్లర్ మధ్యకి తెచ్చి, షీట్ మెల్లగా లాగండి.

ఇక గాలివాటున టాంక్‌బండ్ వైపుకి తిరిగి రావడం. దీన్ని రన్ అంటారు. గాలి వెనక నుంచి 10 నాట్లు, పడవ 4 నాట్లతో గాలితో పాటే పోతోంది, కాబట్టి తెరచాపకి తగిలేది 6 నాట్లే. బూమ్ పూర్తిగా బయటికి, దాదాపు 90 డిగ్రీలు వదిలేస్తాం. గుడ్డ ఇక్కడ రెక్కలా పనిచేయదు, గాలికి అడ్డం నిలుస్తుంది. ముందుకి తోసేది లెక్క ప్రకారం అయిదు కిలోల లోపే. గాలి తోస్తే పడవ బాగా పోతుందనుకున్న మన మొదటి ఊహ ఎంత తక్కువ బలాన్నిస్తుందో చూడండి. రీచ్‌లో 13, ఇక్కడ 5. పైగా పడవ గాలి కంటే వేగంగా పోలేదు, ఎందుకంటే వేగం పెరిగే కొద్దీ తోసే గాలే తగ్గిపోతుంది.

లేజర్ పోటీల్లో ఆరితేరినవాళ్ళు ఇక్కడ కూడా గుడ్డని రెక్కగా మారుస్తారు. ఈ పడవ మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలేవీ లేవు కాబట్టి బూమ్‌ని 90 డిగ్రీలు దాటించి ముందుకి కూడా వదలొచ్చు. అప్పుడు పడవని కాస్త తిప్పితే గాలి తలకిందులుగా, లీచ్ నుంచి లోపలికి వచ్చి లఫ్ వైపుకి పోతుంది. గాలి మళ్ళీ అతుక్కుంటుంది, లిఫ్ట్ పుడుతుంది. రేపు మీరు దీన్ని చేయబోకండి. గాలి తప్పుడు వైపు నుంచి తగిలితే బూమ్ ఒక్కసారిగా అవతలికి విసిరినట్టు వస్తుంది, తల అడ్డం ఉంటే దెబ్బ గట్టిగా తగులుతుంది. రన్‌లో ఉన్నంతసేపు తల వంచే అలవాటు చేసుకోండి. నేరుగా గాలివాటున పోయే బదులు పది పదిహేను డిగ్రీలు పక్కకి పెట్టుకుంటే భయం తక్కువ, వేగం కూడా కాస్త ఎక్కువే.

గుడ్డ వంపు గురించి రెండు మాటలు. బూమ్ చివర ఉన్న అవుట్‌హాల్ తాడుతో కింది అంచు బిగువు మారుతుంది. బూమ్‌కీ గుడ్డకీ మధ్య ఖాళీని చేత్తోనే కొలవొచ్చు. మామూలు గాలిలో ఎదురుకి పోయేటప్పుడు జానెడు కంటే కాస్త తక్కువ, గాలి గట్టిగా ఉంటే బెత్తెడు, గాలివాటున జానెడు పైనే. లోతైన వంపు గాలిని ఎక్కువ మళ్ళిస్తుంది, కానీ డ్రాగ్ కూడా ఎక్కువ, పక్కకి తోసేదీ ఎక్కువ. గట్టి గాలిలో మనకి బలం కొరత లేదు, దాన్ని మోసే శక్తే చాలదు. అందుకే గుడ్డని చదును చేస్తాం. బూమ్ వ్యాంగ్, కన్నింగ్‌హామ్ అని ఇంకో రెండు తాళ్ళున్నాయి. మొదటి వారం వాటిని నేర్పేవాళ్ళు కట్టి ఇచ్చినట్టే ఉంచేయండి.

(ప్రశ్న: ఉన్నట్టుండి పెద్ద గాలి వస్తే?)

ముందే చూడొచ్చు. గాలి తెర వస్తున్న చోట నీళ్ళు నల్లగా, సన్నని ముడతలతో కనిపిస్తాయి. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఎత్తైన కట్టడాలు ఉండటంతో గాలి ఒక తీరుగా రాదు, అందుకే ఎప్పుడూ గాలి వచ్చే వైపు పది పడవల దూరం చూస్తుండాలి. గాలి 10 నుంచి 14 నాట్లకి పెరిగితే తెరచాపకి తగిలే గాలి 13 నుంచి 17 నాట్లకి పెరుగుతుంది, బలం సుమారు 1.7 రెట్లవుతుంది. ఆ 21 కిలోలు ఒక్క క్షణంలో 35 కిలోలవుతాయి. మీ ఒంటి బరువు ఒక్కసారిగా అంత పెరగదు కదా.

ఇంకొకటి కూడా జరుగుతుంది. పడవ వేగం ఇంకా పెరగలేదు, బయటి గాలి మాత్రం పెరిగింది. కాబట్టి తగిలే గాలి కోణం వెనక్కి జరుగుతుంది. అంటే మీరు ఏమీ కదపకపోయినా తెరచాప హఠాత్తుగా ఎక్కువ లాగినట్టవుతుంది. చాటు వైపు దారం వాలిపోతుంది. అందుకే జవాబు రెండు రకాలుగానూ ఒకటే: షీట్ వదలండి. ఒరుగు తగ్గుతుంది, గాలి మళ్ళీ గుడ్డకి అతుక్కుంటుంది. ఎదురుగాలిలో అయితే ముందు ఒళ్ళు బయటికి వాల్చండి, షీట్ ఒక అడుగు వదలండి, పడవ ముక్కుని ఒకటి రెండు డిగ్రీలు గాలి వైపుకి రానివ్వండి. వేగం పెరగ్గానే తగిలే గాలి మళ్ళీ ముందుకి జరుగుతుంది. అప్పుడు వదిలిన తాడుని మెల్లగా వెనక్కి తీసుకోండి. ఆ క్రమం తిరగేసి, భయంతో షీట్ గట్టిగా పట్టుకుని టిల్లర్‌ని లాగితే పడవ తిరగబడుతుంది. రేపు మీ పక్కన రెస్క్యూ బోట్ ఉంటుంది, నీళ్ళు మరీ చల్లగా ఉండవు. షీట్‌ని మాత్రం ఎప్పుడూ దేనికీ కట్టేయకండి, చేతికి చుట్టుకోకండి. వేళ్ళు విప్పితే తాడు జారిపోయేలా ఉండాలి.